సగం వాక్యం తగ్గితే: పరిశోధన పత్రానికి అబ్‌స్ట్రాక్ట్ రాయడం

పరిశోధన పత్రం మొదట్లో, రచయితల పేర్ల కింద, ఒకే పేరాగానో నాలుగు చిన్న భాగాలుగానో కనిపించే సంక్షిప్త రూపమే అబ్‌స్ట్రాక్ట్. తెలుగులో సారాంశం, సంగ్రహం అనే మాటలున్నా విశ్వవిద్యాలయాల్లో, ల్యాబుల్లో నలిగిన మాట అబ్‌స్ట్రాక్టే. ఏ ప్రశ్నకు జవాబు వెతికారు, ఎలా వెతికారు, ఏం తేలింది, దానివల్ల ఏం చెప్పవచ్చు అనే నాలుగు సంగతులూ అందులో ఉండాలి. అవన్నీ పత్రిక పెట్టిన కొలతలోపలే ఇమడాలి. న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పెట్టిన హద్దు 250 మాటలు. ప్లాస్ వన్ 300 వరకు, జామా 350 వరకు అనుమతిస్తాయి. సైన్స్ పత్రికలో 125 మాటలతో సరిపెట్టుకోవాలి. భౌతిక, గణిత శాస్త్రజ్ఞులు పత్రాలు పెట్టే ఆర్కైవ్ మాటలను లెక్కించదు, అక్షరాలను లెక్కిస్తుంది. అక్కడ 1,920 అక్షరాలు దాటితే అబ్‌స్ట్రాక్ట్‌ను తీసుకోదు.

పత్రికల చందా లేనివారికి చాలా పత్రాల్లో చదవడానికి దొరికేది అబ్‌స్ట్రాక్ట్ ఒక్కటే. వైద్యులు ఎక్కువగా వెతికే పబ్‌మెడ్‌లో కూడా ముందు కనిపించేది అదే. అందువల్ల అబ్‌స్ట్రాక్ట్‌లో జారిపోయిన సంగతి లోపలి పట్టికలో భద్రంగా ఉన్నా, చాలామంది పాఠకులకు లేనట్టే.

పత్రంలో ఉన్నదే అబ్‌స్ట్రాక్ట్‌లో ఉంటుందని అనుకోవడం సహజం. 1999లో జామాలో వచ్చిన ఒక పరిశీలన ఈ నమ్మకాన్ని పరీక్షించింది. 6 ప్రముఖ వైద్య పత్రికల నుంచి తలా 44 పత్రాలు తీసుకుని, అబ్‌స్ట్రాక్ట్‌లోని ప్రతి అంకెనూ లోపలి పాఠంతో, పట్టికలతో పోల్చారు. అబ్‌స్ట్రాక్ట్‌లోని అంకె లోపలి అంకెతో సరిపోకపోవడమో, అసలు లోపల ఎక్కడా లేకపోవడమో కనిపిస్తే దాన్ని లోపంగా లెక్కించారు. అన్నిటికంటే మెరుగైన పత్రికలోనూ 18 శాతం అబ్‌స్ట్రాక్టుల్లో ఈ లోపం కనిపించింది. అన్నిటికంటే వెనకబడిన పత్రికలో అది 68 శాతం. వీటిలో చాలావరకు మోసం కాదు, అజాగ్రత్త. అంకెలు ఎలా జారిపోతాయో, ఎలా పట్టుకోవాలో తెలియాలంటే ఒక పత్రాన్ని దగ్గర పెట్టుకుని చూడటం మేలు.

ఒక మందు, మూడు రకాల రోగులు

2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ అందుకు తగిన ఉదాహరణ. డెక్సామెథసోన్ అనే పాత, చవకైన స్టెరాయిడ్ కోవిడ్‌తో ఆస్పత్రిలో చేరినవారి ప్రాణాలు కాపాడుతుందా అన్నది దాని ప్రశ్న. రోగులను లాటరీ పద్ధతిలో రెండు వర్గాలుగా విడదీశారు. ఒక వర్గంలోని 2,104 మందికి మామూలు చికిత్సతోపాటు రోజుకు 6 మిల్లీగ్రాముల మందును గరిష్ఠంగా 10 రోజులు ఇచ్చారు. రెండో వర్గంలోని 4,321 మందికి మామూలు చికిత్స మాత్రమే అందింది. 28 రోజుల్లోపు ఎంతమంది చనిపోయారన్నది ప్రధాన ఫలితాంశం. అంటే ట్రయల్ గెలుపోటములను దేన్ని బట్టి తేల్చాలో ముందే ప్రకటించుకున్న కొలమానం.

మందు తీసుకున్నవారిలో 482 మంది, అంటే 22.9 శాతం మరణించారు. తీసుకోనివారిలో 1,110 మంది, అంటే 25.7 శాతం మరణించారు. మొత్తం మీద మందు పనిచేసింది. అయితే రోగులు చేరేనాటికి ఏ స్థితిలో ఉన్నారన్నదాన్ని బట్టి విడదీసి చూస్తే చిత్రం మారింది. ఈ విభజన కూడా ముందే అనుకున్నదే. వెంటిలేటర్‌పై ఉన్నవారిలో మరణాలు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి తగ్గాయి. ఆక్సిజన్ మాత్రమే పెట్టించుకున్నవారిలో 26.2 నుంచి 23.3కు తగ్గాయి. ఆ రెండూ అవసరం లేనివారిలో మాత్రం మందు తీసుకోనివారు 14.0 శాతం చనిపోతే, తీసుకున్నవారు 17.8 శాతం చనిపోయారు.

ఇప్పుడు ఈ సంగతిని కుదించి చెప్పడంలో ఉన్న చిక్కు స్పష్టమవుతుంది. ‘ఆస్పత్రిలో చేరిన కోవిడ్ రోగుల్లో డెక్సామెథసోన్ మరణాలను తగ్గించింది’ అని ముగిస్తే అందులో ఒక్క అంకె కూడా తప్పు కాదు. సగటు చూస్తే అది నిజమే. కానీ ఆ వాక్యం చదివిన వైద్యుడు ఆక్సిజన్ అవసరం లేని రోగికీ ఆ మందు రాస్తాడు. పత్రం ఆ మాట చెప్పలేదు. ప్రచురితమైన అబ్‌స్ట్రాక్ట్ ఈ తప్పు చేయలేదు. వెంటిలేటర్ లేదా ఆక్సిజన్ మీద ఉన్నవారిలో మరణాలు తగ్గాయనీ, శ్వాసకు ఏ సహాయమూ అక్కర్లేనివారిలో తగ్గలేదనీ ముగింపు వాక్యంలోనే చెప్పింది. 2021లో రెండో వేవ్ సమయంలో, బ్లాక్ ఫంగస్ కేసులు పెరుగుతున్నప్పుడు, ఆక్సిజన్ అవసరం లేనివారికి స్టెరాయిడ్లు వాడవద్దని మన దేశంలోని నిపుణులు పదేపదే హెచ్చరించాల్సి వచ్చింది. తేలికపాటి కేసుల్లో స్టెరాయిడ్ వల్ల లాభం కనిపించలేదన్న ఆధారం ఆ వాక్యపు రెండో సగంలోనే ఉంది.

మరోవైపు అతిగా చెప్పే ప్రమాదమూ ఉంది. మూడో వర్గంలో మరణాలు పెరిగినట్టు కనిపిస్తున్నాయి కాబట్టి ‘తేలికపాటి రోగులకు మందు హాని చేసింది’ అని రాయవచ్చా? ఇక్కడ విశ్వసనీయతా అవధి అడ్డుపడుతుంది. రెండు వర్గాల మరణ రేట్ల నిష్పత్తి 1 అయితే తేడా లేదని, 1 కంటే తక్కువైతే మందు మేలు చేసిందని, ఎక్కువైతే కీడు చేసిందని అర్థం. ఈ వర్గంలో నిష్పత్తి 1.19. కానీ లెక్కలోని అనిశ్చితిని బట్టి నిజమైన విలువ 0.92 నుంచి 1.55 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. ఆ అవధి 1కి అటూ ఇటూ పరచుకుంది. కాబట్టి ‘ప్రయోజనం కనిపించలేదు’ అనడానికి ఆధారం ఉంది, ‘హాని చేసింది’ అనడానికి లేదు. ‘తేడా లేదని రుజువైంది’ అనడానికీ లేదు. అబ్‌స్ట్రాక్ట్ రాసేవారు ఈ మూడు వాక్యాల మధ్య ఎంచుకోవాల్సింది మొదటిదాన్నే.

పట్టిక నుంచి వెనక్కి

అబ్‌స్ట్రాక్ట్ పత్రంలో మొదట ఉంటుంది కానీ రాయాల్సింది చివర్లో. పత్రం పూర్తయి, పట్టికలు ఖరారయ్యాక, ప్రధాన ఫలితం ఉన్న పట్టికను ముందు పెట్టుకుని మొదలుపెట్టాలి. తొలిగా రాయాల్సింది ఒకే ఒక ఫలిత వాక్యం. ఎవరిలో, దేన్ని, దేనితో పోల్చి, ఎంత కాలానికి, ఎంత తేడా చూశారన్న అయిదు సంగతులూ అందులో ఉండాలి. రికవరీ విషయంలో ఆ వాక్యం 28 రోజుల మరణాలది. లక్షణాలు ఎంత త్వరగా తగ్గాయి, ఆస్పత్రి నుంచి ఎప్పుడు ఇంటికి వెళ్లారు అన్నవి ఆసక్తికరంగా ఉన్నా దాని తర్వాతే వస్తాయి.

రెండో పని ముగింపు. ఫలిత వాక్యం మోయగలిగినంత బరువే ముగింపు మీద పెట్టాలి. లాటరీ పద్ధతిలో జరిగిన ట్రయల్‌కు ‘తగ్గించింది’ అన్న క్రియ నప్పుతుంది. అలవాట్లను, జబ్బులను గమనించి మాత్రమే లెక్కగట్టిన అధ్యయనమైతే ‘తక్కువగా కనిపించింది’, ‘సంబంధం ఉంది’ అన్నంతవరకే చెల్లుతుంది. కాఫీ తాగేవారిలో ఒక జబ్బు తక్కువగా ఉందని తేలితే, కాఫీ ఆ జబ్బును ఆపుతుందని రాయడం పరిశోధన చేయని పనిని దానికి అంటగట్టడమే.

మూడోది పద్ధతి. ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడానికి అవసరమైనంతే ఇందులో ఉండాలి: రోగులు ఎవరు, వర్గాలు ఎలా ఏర్పడ్డాయి, మోతాదు ఎంత, ప్రధాన ఫలితాంశం ఏది. రికవరీ ట్రయల్‌లో ఎవరికి ఏ చికిత్స అందుతోందో రోగులకు, వైద్యులకు తెలుసు. ఫలితం మరణం కాబట్టి దీని ప్రభావం తక్కువే అయినా, పాఠకుడికి తెలియాల్సిన సంగతి అది. యంత్రాల పేర్లు, సాఫ్ట్‌వేర్ వెర్షన్లు లోపలి పేజీలకు వదిలేయవచ్చు.

చివరగా నేపథ్యం. చాలామంది మొదలుపెట్టేది ఇక్కడే, మాటలు ఖర్చయ్యేదీ ఇక్కడే. 250 మాటల హద్దులో నేపథ్యానికి 30, పద్ధతికి 70, ఫలితాలకు 110, ముగింపుకు 40 అనుకుని కూర్చుంటే పంపకం దారిలో ఉంటుంది. ఇది నియమం కాదు, కొత్త పరికరాన్ని పరిచయం చేసే పత్రంలో పద్ధతికి ఎక్కువ వాటా పడుతుంది. ఏ పత్రంలోనైనా సగానికి దగ్గరగా ఫలితాలకే మిగలాలి.

ఈ నాలుగు భాగాలకూ విడివిడిగా శీర్షికలు పెట్టే అలవాటు వైద్య పత్రికల్లో 1987 తర్వాత స్థిరపడింది. ఆ ఏడాది ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్‌లో ఒక నిపుణుల బృందం ఈ ప్రతిపాదన చేసింది. శీర్షిక ఉంటే దాని కింద ఖాళీ వదిలేయడం కష్టం. శీర్షికలు లేని పేరాలో ప్రధాన ఫలితాంశం ఏదో చెప్పకుండా దాటిపోవడం సులువు. ట్రయల్ అబ్‌స్ట్రాక్టుల్లో ఏమేం తప్పక ఉండాలో 2008లో కన్సార్ట్ బృందం ఒక జాబితా కూడా విడుదల చేసింది. దుష్ప్రభావాలు, ట్రయల్ నమోదు సంఖ్య, నిధులు ఇచ్చినవారు కూడా అందులో ఉన్నాయి.

ఏది కోయాలి, ఏది కోయకూడదు

తొలి చిత్తుప్రతి హద్దు దాటడం మామూలే. 340 మాటలు వచ్చాయనుకుంటే 90 తీసేయాలి. అప్పుడు చేయి ముందుగా పోయేది అంకెల మీదికి, మినహాయింపుల మీదికి. అవి గజిబిజిగా, అందం తక్కువగా ఉంటాయి మరి. నిజానికి కోత మొదలవ్వాల్సింది అలంకారంగా ఉన్న చోట. ఈ వాక్యం చూడండి:

‘ప్రపంచవ్యాప్తంగా కోట్లాది ప్రజల జీవితాలను అతలాకుతలం చేసిన కోవిడ్ మహమ్మారి నేపథ్యంలో, ఆస్పత్రుల్లో చేరిన రోగులకు డెక్సామెథసోన్ చికిత్స చేయడం వల్ల కలిగే ప్రభావాన్ని అంచనా వేయాలనే ప్రధాన ఉద్దేశంతో ఈ అధ్యయనాన్ని నిర్వహించడం జరిగింది.’

ఇందులో 26 మాటలున్నాయి. దాన్నే ఇలా రాయవచ్చు: ‘ఆస్పత్రిలో చేరిన కోవిడ్ రోగుల్లో డెక్సామెథసోన్ మరణాలను తగ్గిస్తుందా అని పరీక్షించారు.’ ఇవి 9 మాటలు. 17 మాటలు మిగలడమే కాదు, అర్థం కూడా బిగిసింది. ‘ప్రభావం’ అన్న పొగమంచు పోయి ‘మరణాలు’ వచ్చింది. అలా మిగిలినవాటిలో ఆరు మాటలు ఖర్చుపెడితే ‘ఆక్సిజన్, వెంటిలేటర్ అవసరం లేనివారిలో ప్రయోజనం కనిపించలేదు’ అన్న కీలక వాక్యం పడుతుంది. మహమ్మారి గురించి పాఠకుడికి ముందే తెలుసు. ఈ ఆరు మాటలు అతనికి వేరేచోట దొరకవు.

తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో సమర్పించే పరిశోధకులు లెక్కలో మరో జాగ్రత్త తీసుకోవాలి. ‘తగ్గిస్తుందా’, ‘అవసరంలేనివారిలో’ వంటి ఒక్క తెలుగు మాట ఇంగ్లిష్‌లో మూడు నాలుగు మాటలవుతుంది. తెలుగు చిత్తుప్రతి 200 మాటల్లో ఉందని నిశ్చింతగా ఉంటే, ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి హద్దు దాటిపోవచ్చు. సమర్పించే భాషలోనే లెక్కించాలి. శీర్షికలు, అంకెలు, బ్రాకెట్లలోని అవధులు కూడా లెక్కలోకి వస్తాయి.

మాటలు ఆదా చేసే కొన్ని చిట్కాలు అర్థాన్ని దెబ్బతీస్తాయి. మూడు వర్గాల పేర్లు ఒకచోట, ఆరు శాతాలు మరోచోట గుచ్చి ‘వరుసగా’ అని ముగించడం అలాంటిదే. ఏ అంకె ఎవరిదో జత కలుపుకునే పని పాఠకుడి మీద పడుతుంది. నాలుగైదు మాటలు ఎక్కువైనా ప్రతి అంకెనూ దాని వర్గం పక్కనే ఉంచాలి. శాతాన్ని ఉంచి అసలు సంఖ్యను తీసేయడం మరొకటి. ‘సగం మంది కోలుకున్నారు’ అన్నప్పుడు ఆ సగం 6 మందిలో ముగ్గురా, 6,000 మందిలో 3,000 మందా అన్నది తెలియకపోతే ఆ మాటకు విలువ లేదు.

విశేషణం కూడా కొన్నిసార్లు కోయరానిదవుతుంది. రికవరీ మొత్తం ఫలితంలో మరణ రేట్ల నిష్పత్తి 0.83. మందు వర్గంలో మరణ రేటు 17 శాతం తక్కువని దాని అర్థం. కానీ 22.9ని 25.7తో భాగించి చూసే పాఠకుడికి 0.89 వస్తుంది. అంకె తప్పా? కాదు. లాటరీలో యాదృచ్ఛికంగా మందు వర్గంలోని రోగుల సగటు వయసు 1.1 ఏళ్లు ఎక్కువ పడింది. కోవిడ్‌లో వయసు పెరిగే కొద్దీ మరణాలు పెరుగుతాయి కాబట్టి ఆ తేడాను సరిచేసి లెక్కగట్టారు. ‘వయసు సర్దుబాటు చేశాక’ అన్న మూడు మాటలు తీసేస్తే అబ్‌స్ట్రాక్ట్‌లోని రెండు అంకెలు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి.

తేడాను చూపే రెండు అద్దాలు

ఒకే ఫలితాన్ని రెండు రకాలుగా చెప్పవచ్చు. ‘మరణ రేటు 17 శాతం తగ్గింది’ అనేది సాపేక్షం. ‘ప్రతి 100 మందిలో సుమారు 26 మందికి బదులు 23 మంది చనిపోయారు’ అనేది అసలు తేడా. మొదటిది పెద్దదిగా కనిపిస్తుంది, రెండోది చిన్నదిగా. ఒక్కటే రాసే చోటుంటే చాలామంది మొదటిదే రాస్తారు. రెండు వర్గాల అసలు శాతాలూ ఇస్తే పాఠకుడే లెక్క చూసుకోగలడు కాబట్టి వాటిని వదలకూడదు. వెంటిలేటర్ రోగుల్లో ఈ తేడా 100కు 12 మంది. అంటే సుమారు 8 మందికి మందు ఇస్తే ఒకరు అదనంగా బతికారు. ఇంత పెద్ద ఫలితానికి పొగడ్త మాటలు అక్కర్లేదు.

ప్రధాన ఫలితం నిరాశపరిచినప్పుడు అసలు పరీక్ష ఎదురవుతుంది. 2010లో జామాలో వచ్చిన ఒక అధ్యయనం అలాంటి 72 ట్రయల్స్‌ను పరిశీలించింది. వీటన్నిటిలో ప్రధాన ఫలితాంశంలో గణాంకపరంగా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయినా 58 శాతం పత్రాల అబ్‌స్ట్రాక్ట్ ముగింపులో చికిత్స మేలు చేసిందన్న రంగు పులిమారు. పరిశోధకులు దీన్ని స్పిన్ అంటారు. ప్రధాన ఫలితాన్ని ప్రస్తావించకుండా అనుకూలంగా వచ్చిన ఒక చిన్న ఉపవర్గాన్ని ముందుకు తేవడం, చికిత్సకు ముందు, తర్వాత పోల్చి రెండో వర్గాన్ని మరిచిపోవడం, ‘తేడా రాలేదు’ అన్నదాన్ని ‘రెండూ సమానంగా పనిచేశాయి’ అని మార్చడం దాని ముఖ్య రూపాలు. గుర్తుపట్టడానికి ఒక దారి ఉంది. పద్ధతిలో ప్రకటించిన ప్రధాన ఫలితాంశం ఏదో చూసి, ఫలితాల్లో మొదటి అంకె దానిదేనా, ముగింపులో మొదటి మాట దాని గురించేనా అని చూడాలి. మూడు చోట్లా ఒకటే ఉంటే దారి తిన్నగా ఉన్నట్టు. మూడూ వేర్వేరుగా ఉంటే లోపలి పట్టికలు తెరవాల్సిందే.

కుదించాక ఎలా ఉంటుంది

పై సంగతులన్నీ పాటిస్తే రికవరీ ఫలితాల భాగం, ముగింపు తెలుగులో ఇలా రావచ్చు:

‘ఫలితాలు: 28 రోజుల్లోపు డెక్సామెథసోన్ వర్గంలో 2,104 మందిలో 482 మంది (22.9 శాతం), మామూలు చికిత్స వర్గంలో 4,321 మందిలో 1,110 మంది (25.7 శాతం) మరణించారు. వయసు సర్దుబాటు చేశాక మరణ రేట్ల నిష్పత్తి 0.83 (95 శాతం అవధి 0.75–0.93). వెంటిలేటర్‌పై ఉన్నవారిలో మరణాలు 29.3 శాతం, 41.4 శాతం (నిష్పత్తి 0.64, అవధి 0.51–0.81). ఆక్సిజన్ మాత్రమే అందుకున్నవారిలో 23.3, 26.2 (0.82, 0.72–0.94). రెండూ అవసరం లేనివారిలో 17.8, 14.0 (1.19, 0.92–1.55). ముగింపు: ఆస్పత్రిలో చేరిన కోవిడ్ రోగుల్లో వెంటిలేటర్ లేదా ఆక్సిజన్ మీద ఉన్నవారిలో డెక్సామెథసోన్ 28 రోజుల మరణాలను తగ్గించింది. శ్వాసకు సహాయం అక్కర్లేనివారిలో ప్రయోజనం కనిపించలేదు.’

ఇందులో ‘ఆశాజనకమైన’, ‘విప్లవాత్మకమైన’ వంటి మాటలు లేవు. ‘మరిన్ని పరిశోధనలు అవసరం’ అన్న వాక్యమూ లేదు. ఏ పత్రం చివరైనా అతికే ఆ వాక్యం ఈ పత్రం గురించి ఏమీ చెప్పదు. ‘ఫలితాలను చర్చించాం’ అన్నదీ అలాంటిదే. చర్చించారన్నది పాఠకుడికి తెలుసు, ఏం తేలిందన్నదే అతనికి కావాలి.

చివరి సరిచూపు

1999 నాటి పరిశీలన పట్టుకున్న లోపాలకు ఒక సాధారణ కారణం సవరణలు. పత్రిక సమీక్షకులు లెక్కలు మళ్లీ చేయమంటారు. ఇద్దరు రోగులను తొలగిస్తారు, పట్టికలు మారతాయి. అబ్‌స్ట్రాక్ట్ మాత్రం మొదటి రూపంలోనే ఉండిపోతుంది. అందువల్ల సమర్పించే ప్రతిసారీ దాన్ని విడిగా ముద్రించి, ప్రతి అంకె కింద గీత గీసి, దాని పక్కన అది ఏ పట్టికలో ఏ వరుస నుంచి వచ్చిందో రాయాలి. చోటు దొరకని అంకె ఉంటే తీసేయాలి లేదా లోపల చేర్చాలి. సంఖ్యల కూడికలూ చూడాలి: రికవరీలో మూడు ఉపవర్గాల మందు రోగులు 324, 1,279, 501. కలిపితే 2,104 రావాలి, వస్తుంది.

ఈ పని పత్రం రాసినవారు కాకుండా సహరచయితల్లో మరొకరు చేస్తే మంచిది. రాసినవారి కంటికి తెలిసిన సంగతి పేజీలో లేకపోయినా ఉన్నట్టే కనిపిస్తుంది. ఆ తర్వాత పత్రం చదవని ఒక తోటి పరిశోధకుడికి అబ్‌స్ట్రాక్ట్ ఒక్కటే ఇచ్చి, ఎవరికి ఏం చేశారు, ఏం తేలింది, ఎవరికి వర్తించదు అని అడగాలి. అతని జవాబులు పత్రంలోని పట్టికలతో కలిస్తే అబ్‌స్ట్రాక్ట్ పూర్తయినట్టు. మూడో ప్రశ్నకు జవాబు రాకపోతే కోతలో పోయిన ఆరేడు మాటలను వెతికి తిరిగి పెట్టాలి, వాటి చోటును నేపథ్యం నుంచి తీసుకోవాలి.